ట్రాన్సిస్టర్‌కు ఫ్యాను

హుజూర్‌నగర్ దగ్గర ఒక చిన్న సిమెంటు ఫ్యాక్టరీలో నేను పనిలో చేరిన రోజు మేనేజరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఇంత వేడిలో ఎలా ఉంటావమ్మా?" అని. నా డిప్లొమా గురించి ఒక్క ముక్క అడగలేదు. ఎనభైల చివర్లో, మీటర్లు బాగుచేసే సెక్షన్‌లో ఆడపిల్లను చూడటం ఆయనకు కొత్త. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మంచివాడే. నాకెప్పుడూ మంచివాళ్లతోనే తంటా. చెడ్డవాళ్లకైతే మొహమ్మీదే జవాబు చెప్పొచ్చు.

మాది ఇదే జిల్లాలోని హాలియా. ఎండ గురించి నాకు ఇంకొకరు చెప్పాల్సిందేమీ లేదు. ఆ మాట ఆయనతో అనలేదు. ఉద్యోగం టెంపరరీ కదా, నోరు కూడా టెంపరరీగా మూసుకున్నాను.

ఆ వేసవిలో, సున్నపురాయిని కాల్చే కిల్న్ వెనక పొగగొట్టంలో వేడిని చూపించే మీటరు పాడైంది. కొత్తది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నేను చేసి పెడతానన్నాను. మేనేజరు కాసేపు నన్నూ, పైకప్పునూ చూసి, "సరే. ఈ నెలంతా సరిగ్గా చూపిస్తే నిన్ను పర్మనెంటు చెయ్యమని రాస్తాను. లేకపోతే మాత్రం నేనేం చెయ్యలేనమ్మా" అన్నాడు. లేకపోతే హాలియాకు తిరుగు బస్సు అని ఇద్దరికీ తెలుసు. ఆ ఫ్యాక్టరీలో ఎన్ని గదులున్నా నాకు మీటర్లన్నీ బిగించి ఉండే ప్యానెల్ రూమే కావాలి. కిల్న్ ఊపిరి తెలిసేది అక్కడే.

ఆ గొట్టంలో ఉన్నది థర్మోకపుల్. రెండు వేరువేరు లోహాల తీగలను ఒక కొసన కలిపి వేడిలో పెడతారు. రెండో కొస నేను చేసిన మీటరు పెట్టెలోని టెర్మినళ్ల దగ్గర రాగి తీగలను కలుస్తుంది. చిక్కేమిటంటే, లోపల వేడి ఎంతో అది చెప్పదు. ఆ కొసకూ ఈ కొసకూ మధ్య తేడా ఎంతో చెబుతుంది. అదీ కొద్దిపాటి మిల్లీవోల్టుల్లో గొణుగుతుంది. దాని గొంతు పెంచడానికి యాంప్లిఫయరు. ఇక ఈ కొస ఎంత వేడిగా ఉందో ఇంకెవరైనా చెప్పాలి. ఆ పని ఒక చిన్న ట్రాన్సిస్టర్‌కు అప్పజెప్పాను. ఒక డిగ్రీ పెరిగితే దాని బేసుకూ ఎమిటరుకూ మధ్య వోల్టేజీ దాదాపు రెండు మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఆ మార్పును రెసిస్టర్లతో చిన్నది చేసి, దిక్కు తిప్పి, ఆ థర్మోకపుల్ డిగ్రీకి ఇచ్చే నలభై చిల్లర మైక్రోవోల్టులకు సరిపెట్టాను. టెర్మినల్ వేడెక్కి థర్మోకపుల్ ఎంత తగ్గిస్తే, ట్రాన్సిస్టర్ అంత కలుపుతుంది.

షరతు ఒక్కటే. టెర్మినళ్లు ఎంత వేడిగా ఉంటే ట్రాన్సిస్టర్ కూడా అంతే వేడిగా ఉండాలి. అందుకే రెంటినీ ఒకే అల్యూమినియం దిమ్మకు బిగించాను. దిమ్మకు రంధ్రం చేసి, గ్రీజు పూసి, ట్రాన్సిస్టర్‌ను అందులో దూర్చాను. పెట్టె ప్యానెల్ వెనక, కిల్న్ వైపు గోడకు ఉంది. మధ్యాహ్నం ఆ దిమ్మ మీద చెయ్యి పెడితే ఎక్కువసేపు ఉంచలేం.

మొదటి వారం నా మీటరు బంగారంలా నడిచింది. రెండో వారం నుంచి మేనేజరు ముఖం మారింది. సాయంత్రం రౌండుకు వచ్చినప్పుడు ఆయన కిల్న్ పైకెక్కి అదే పొగగొట్టంలో తన చేతి మీటరుతో వేడి చూస్తాడు. కిందికొచ్చి నా మీటరు చూస్తాడు. "పదిహేను డిగ్రీలు తక్కువ చూపిస్తోందమ్మా. దీన్ని నమ్మి కిల్న్ వాళ్లు బొగ్గు ఎక్కువ వేస్తున్నారు" అని మర్నాడు పొద్దున నాతో అంటాడు. నేను పరుగెత్తుకెళ్లి పెట్టె తెరుస్తాను. అన్నీ సరిగ్గా ఉంటాయి. సాయంత్రం మళ్లీ పదిహేను తక్కువ. నా టంకాన్ని తిట్టుకున్నాను, రెసిస్టర్లను తిట్టుకున్నాను, మేనేజరు కళ్లద్దాలను కూడా తిట్టుకున్నాను. ఒక్కటే వింత. ట్రాన్సిస్టర్‌కు నేను పూసిన గ్రీజు లేదు. తోమిన గిన్నెలా మెరుస్తోంది.

నెల అయిపోవచ్చింది. ఆ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ప్యానెల్ రూముకు వెళ్లాను. రెండో షిఫ్టు ఆపరేటరు ఒక ముసలాయన, హుజూర్‌నగర్ మనిషి, రెండో వారం నుంచే ఈ షిఫ్టుకు మారాడు. నేను చాచా అని పిలిచేదాన్ని. ఆయన అంగీ చెమటతో తడిసి వీపుకు అతుక్కుపోయింది. ఆయన కోసం ఇచ్చిన టేబుల్ ఫ్యాను మాత్రం ఆయన దగ్గర లేదు. ప్యానెల్ వెనకనుంచి దాని చప్పుడు వినిపిస్తోంది.

వెనక్కి వెళ్లి చూశాను. పెట్టె తలుపు తీసి ఉంది. నా ట్రాన్సిస్టర్‌ను రంధ్రంలోంచి బయటికి లాగి, దాని మూడు తీగల మీద నిలబెట్టి, ఎదురుగా ఫ్యాను పెట్టారు. అది పెళ్లికొడుకులా గాలి విసిరించుకుంటోంది.

"చాచా, ఇదెవరు చేసిండ్రు?"

"నేనే బిడ్డా," అన్నాడు సంతోషంగా. "నువ్వు జేసిన సామాను గదా, జర పైలంగ జూసుకుంటున్న. లగ్గాలకు మైక్ సెట్లు పెట్టెటోణ్ణి నేను. ఉడుకెక్కి ఎన్ని ట్రాన్సిస్టర్లు మాడిపోయినయో నాకెరుక. నువ్వేమో దీన్ని తీస్కపోయి ఉడుకులనే గుచ్చినవ్. మడ్డి గూడ అంటింది, తుడిచిన."

"మరి పొద్దున జూస్తే జాగాలనే ఉంటది గదా."

"డ్యూటీ దిగేటప్పుడు మళ్ల పెడ్త. ఒకరి సొమ్ము ఎట్లున్నదట్ల అప్పజెప్పాలె."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ తడిసిన అంగీ చూస్తే రెండూ బయటికి రాలేదు.

"చాచా, ఇది మైక్ సెట్ల దాని లెక్క కాదు. ఇది పని జేసి ఉడుకెక్కదు. ఆ దిమ్మ ఎంత ఉడుకుతాందో చెప్పనీకే పెట్టిన. గాలికి పెడితే ఈడ సల్లగుందని చెప్తది. మీటరు తక్కువ జూపిస్తది."

అప్పుడే మేనేజరు వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు ముందుగానే పైన చూసొచ్చినట్టున్నాడు, చేతి మీటరు చేతిలోనే ఉంది. నేను నోరు తెరిచేలోపు చాచా, "తప్పు నాది సార్. బిడ్డది గాదు" అన్నాడు. నేను గ్రీజు పూసి ట్రాన్సిస్టర్‌ను దిమ్మలోకి దూర్చాను. ముగ్గురం ప్యానెల్ ముందుకు వచ్చాం. అది వేడెక్కుతున్న కొద్దీ మీటరు ముల్లు మెల్లగా పైకి పాకింది. మేనేజరు చేతి మీటరు అంకె దగ్గరకు వచ్చి ఆగింది. ఇక కదలదని నమ్మకం కుదిరేదాకా దాన్నే చూశాం.

"నిన్ను పర్మనెంటు చెయ్యమని రేపే రాస్తాను," అన్నాడు మేనేజరు. ఆయన ఆగలేదు. "ఇంకో మాట. ఈ ఉడుకులో నువ్వెందుకమ్మా? నా గది పక్కన కూలరున్న గది ఉంది. అక్కడ కూర్చో. ఇక్కడి సంగతులు వీళ్లు ఫోనులో చెబుతారు, నువ్వు చూసుకుందువుగాని."

ఆయన ముఖంలో చాచా ముఖంలో ఉన్న సంతోషమే ఉంది.

నెలల తరబడి ఆయనతో జాగ్రత్తగా పుస్తకాల తెలుగు మాట్లాడిన దాన్ని, ఆ రోజు నా మాటే వచ్చేసింది. "సార్, చాచా గూడ దాన్ని మంచికే బయటికి తీసిండు. ఆ గదిల గూసుంటే నేను గూడ పదిహేను డిగ్రీలు తక్కువనే చెప్త."

మేనేజరు ఫ్యానును చూశాడు, పెట్టెను చూశాడు, నన్ను చూశాడు. చేతి మీటరు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, రాత్రంతా అదే దిగులు. కొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. పని చేసే చోటు అన్న దగ్గర ప్యానెల్ రూము అని ఉంది.

ఆర్డరు వచ్చిన మధ్యాహ్నమే నా స్టూలు తెచ్చి మీటరు ముందు వేసుకున్నాను. చాచా వెనకనుంచి ఫ్యాను మోసుకొచ్చాడు. తన వైపు కాదు, నా వైపు తిప్పాడు. ఈసారి నేను వద్దనలేదు.