మా అన్న కోరుకున్న వార్డు

మా ఇబ్రహీంపట్నం మున్సిపాలిటీ అయ్యేనాటికి సాగర్ రోడ్డుకు రెండు పక్కలా జొన్న, కంది పోయి హద్దురాళ్లు మొలిచాయి. నేను మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ ఉద్యోగిని. మా పెదనాన్న కొడుకు, నాకు అన్న, తాత దున్నిన చెల్కలను ప్లాట్లు కొట్టి అమ్మినవాడు. మనిషి కంటే ముందు అతని కారు హారన్ వచ్చేది. ఆ కారు దిగి నాలుగడుగులు నడవడం కూడా తన హోదాకు తక్కువ అనుకునేవాడు.

మొదటిసారి మున్సిపల్ ఎన్నికలు వస్తున్నాయనగానే అతను చైర్మన్ అయిపోయినట్టే మాట్లాడసాగాడు. చైర్మన్‌ను జనం నేరుగా ఎన్నుకోరనీ, గెలిచిన కౌన్సిలర్లు ఎన్నుకుంటారనీ, ముందు తను ఒక వార్డులో గెలవాలనీ చెప్పాను.

"గంతేనా? అయితే నాకో మంచి వార్డు జూడు తమ్మీ," అన్నాడు, కూరగాయల దుకాణంలో వంకాయలు ఏరుకునేవాడిలా.

వార్డులు ఏరుకునేవి కావు. ఊరి జనాభాను వార్డుల సంఖ్యతో భాగించి, ఒక వార్డుకూ మరో వార్డుకూ పదిశాతానికి మించి తేడా రాకుండా, రోడ్లూ వాగులూ హద్దులుగా గీయాలి. ముసాయిదాను నోటీసు బోర్డు మీద పెట్టి, వారం రోజులు అభ్యంతరాలు తీసుకుని, అవి పరిశీలించాక ప్రభుత్వానికి పంపాలి. ముసాయిదా పెట్టిన రోజే అన్న వచ్చి వేలుతో మ్యాపును పొడిచాడు.

"గీ గీత ఎవడు గీసిండు? నా వెంచర్ ఒకదిక్కు, గీ కూలోళ్ల గల్లీ ఒకదిక్కు ఉండాలె. రెండూ ఒక్కతాన ఎట్ల వెడ్తరు?"

ఆ గల్లీవాళ్లు ఒకప్పుడు మా తాత పొలంలో కలుపు తీసినవాళ్లు. పొలం ప్లాట్లయ్యాక వాళ్లకు పనీ పోయింది, అన్న మీద నమ్మకమూ పోయింది. వాళ్లు తనకు ఓటెయ్యరని అతనికి తెలుసు. ఆ గల్లీలో ఒక వరుస ఇళ్లనైనా పక్క వార్డులో కలిపేసి, బదులుగా తన వెంచర్ అవతల ఉన్న మా చుట్టాల బజారును కలపాలని అతని పథకం.

"అన్నా, నీ వెంచర్‌ల ఇండ్లే లేవు గదా. లెక్క మనుషులది, రాళ్లది గాదు," అన్నాను.

"రేపు ఇండ్లొస్తయి."

"వచ్చినంక జూద్దాం."

నా మీద ఉమ్మేసినంత పని చేసి వెళ్లి, నలభై సంతకాలున్న అభ్యంతర పత్రం తెచ్చాడు. సంతకాలన్నీ ఒకే పెన్నుతో ఒకే వంపుతో ఉన్నాయి. విచారణ రోజు కమిషనర్ ఎదుట కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ గల్లీ నుంచి మార్కెట్లో కూరగాయలమ్మే ఒకామె వచ్చి, గోడ దగ్గర నిలబడే మాట్లాడింది.

"సారూ, మా గల్లీని నడిమిట్ల కొయ్యమంటున్నడు. ఈ దిక్కు ఇంటోళ్లు ఒక వార్డు, ఆ దిక్కు ఇంటోళ్లు ఇంకో వార్డంట. మాకు నల్లా నీళ్లు రాకపోతే ఎవర్ని అడగాలె?"

"గా ముచ్చట నీకెందుకు?" అన్నాడు అన్న.

"నాకు గాక నీకా? ఇల్లు ఈడున్నా నువ్వు ఎక్కువ ఉండేది హైదరాబాద్‌లనే."

గదిలో ఎవరూ నవ్వలేదు గానీ, అందరూ తలలు దించుకున్నారు. కమిషనర్ మరుసటి రోజు స్వయంగా గల్లీలో నడిచి చూశారు. మధ్యలో చీల్చడానికి రోడ్డు లేదు, వాగు లేదు. పైగా అన్న అడిగినట్టు గీస్తే పక్క వార్డు జనాభా పరిమితి దాటిపోతుంది. అభ్యంతరం తిరస్కరించారు. తుది ఉత్తర్వుల్లో గల్లీ చెక్కుచెదరకుండా అన్న ఇంటి వార్డులోనే వచ్చింది.

అన్న ఊరుకోలేదు. హైదరాబాదులోని రాష్ట్ర ఎన్నికల సంఘం కార్యాలయానికి పోయాడు. తన జీవితంలో కమిషన్ అనే మాటకు ఒకే ఒక్క అర్థం తెలిసినవాడు. తిరిగొచ్చి మా వరండాలో చిందులు తొక్కాడు.

"గదేం కమిషన్ రా? వార్డులు గీసుడు మా పని కాదంటరు. గీసిన వార్డుల ఓటర్ల జాబితా చేసుడు, ఓట్లేపిచ్చుడే మా పనంట. సర్కారుతోని చెప్పిస్తనంటే, సర్కారు మాటతోని మేము నడవం అన్నడు గా ఆఫీసరు. సర్కారు జీతం తినుకుంట గట్లంటడా?"

తన మాట చెల్లని చోటు ఈ భూమ్మీద ఒకటుందని అతనికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే అతని ధైర్యం.

తర్వాత మహిళలకు కేటాయించే వార్డులకు అన్ని పార్టీల వాళ్ల ముందూ చీటీలు తీశారు. అన్న వార్డు మహిళకు పోయింది. ఒక పూట మంచం దిగలేదు. రెండో పూటకే వదిన పేరుతో ఫ్లెక్సీలు లేచాయి. వాటి మీద అన్న ముఖం తలుపంత, వదిన ముఖం తాళంకప్పంత. ఆమెను అడిగిన పాపాన పోలేదు.

"సంతకం పెట్టు, మిగిలింది నేను జూస్కుంట," అన్నాడట.

ఎన్నికల సంఘం నోటిఫికేషన్ వెలువడగానే ప్రవర్తనా నియమావళి వచ్చింది, ఫ్లెక్సీలు దిగాయి. రిటర్నింగ్ అధికారిగా సంఘం నియమించినాయన వేరే శాఖ మనిషి, మా ఊళ్లో ఎవరినీ ఎరగడు. నన్ను అదే హాల్లో వేరే వార్డుల టేబుల్ దగ్గర వేశారు. వదిన నామినేషన్ వేసిన రోజు అన్నే ఆమె బదులు అన్ని ప్రశ్నలకూ జవాబు చెబుతుంటే, ఆయన "అభ్యర్థి మీరా?" అని అడిగాడు. అన్న సిగ్గుపడలేదు. "ఇద్దరం ఒకటే," అన్నాడు.

ఉపసంహరణకు ఆఖరి రోజు వదిన ఒక్కతే ఆటోలో వచ్చింది. ఉతికిన నేత చీర. నన్ను చూసి ఆగలేదు. రిటర్నింగ్ అధికారి ముందు నిలబడి, "నా పేరు తీసేసుకుంట," అంది.

"ఎవరైనా ఒత్తిడి చేశారా అమ్మా?"

"నిలబడమని చేసిన్రు. తీసుకొమ్మని ఎవ్వరు జెయ్యలే."

పత్రం మీద సంతకం పెట్టించి, ఆమె అభ్యర్థేనని సరిచూసుకుని తీసుకున్నారు. వార్త అందుకుని అన్న కారులో దూసుకొచ్చేసరికి వదిన ఇంకా మెట్ల మీదే ఉంది.

"సారూ, అది మతిలేక ఇచ్చింది. ఆ కాయితం చింపేయుండ్రి!"

"ఉపసంహరణ ఒకసారి ఇస్తే రద్దు చేసుకోవడం కుదరదు," అన్నాడాయన, తల ఎత్తకుండానే.

అన్న ఆ మాటను మూడు రకాలుగా ఎదిరించాడు: బతిమాలి, బెదిరించి, నా పేరు చెప్పి. చివరికి పోలీసు అతన్ని బయటికి నడిపించాడు. ఇన్నేళ్లలో అన్న నడిచి దాటిన దూరం అదొక్కటేనేమో.

సాయంత్రం వాళ్లింటికి పోయాను. వదిన బియ్యం ఏరుతోంది.

"ఎందుకట్ల జేసినవ్ వదినా?"

"గా గల్లీ ఆడోళ్లతోని కలిసి కలుపు తీసిన. ఇప్పుడు వాళ్ల గల్లీని నడిమిట్ల కోయిద్దామని జూసినోని పెండ్లాన్నని ఓట్లడగాల్నా? గెలిస్తే నేను కుర్చీల కూసుంట, మాటలన్నీ ఈయనయి. నాకెందుకు గా షోకు?"

పోటీలో మిగిలింది ఇద్దరు. గల్లీవాళ్లు నిలబెట్టిన కూరగాయలమ్మే ఆమె, మరో ప్లాట్ల వ్యాపారి తల్లి. బ్యాలెట్ పత్రాల ఎన్నిక అది. లెక్కింపులో వ్యాపారి తల్లి గెలిచింది. గల్లీవాళ్ల ఓట్లు ఎక్కడా చెదరలేదు, ఆ వార్డులో ఉన్న మా చుట్టాల్లోనూ కొందరు ఆమెకేశారు, అయినా చాలలేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు, అసహ్యమేసింది.

లెక్కింపు కేంద్రం గేటు దగ్గర గెలిచిన వ్యాపారి మెడలో మొదటి దండ వేసింది మా అన్న. తల్లి ఎక్కడో వెనక జీపులో కూర్చుని ఉంది, ఆమెకు ఎవరూ దండ వేయలేదు. నిన్నటిదాకా ఆ వ్యాపారిని దొంగ అని తిట్టిన నోటితోనే అన్న జై కొడుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

నేను చెయ్యి ఊపలేదు. బండి స్టార్ట్ చేసి మార్కెట్ వైపు పోయాను. కూరగాయలామె అప్పటికే గోనెపట్టా పరిచి కూర్చుంది. బెండకాయల కుప్ప మీదికి చెయ్యి చాచి, అరకిలో తూచమన్నాను.

"ఓడినందుకు తక్కువకియ్యను సారూ," అంది తక్కెడ సరిచేస్తూ. "ఒక్కొక్కటి ఏరుకుంటే ఊకోను, ముందే చెప్తున్న."