ఆ నాలుగేళ్లకు దొంగ లెటర్

ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీ అమ్మాయికి నేను రాసిన మొదటి మెయిల్ ఇప్పుడు చదివితే ఒళ్లు మండుతుంది. నాలుగేళ్లు ఉద్యోగానికి దూరంగా ఉన్నందుకు అందులో రెండుసార్లు క్షమించమని అడిగాను. కూతుర్ని పెంచినందుకు క్షమాపణ! ఇదివరకు ఓ కంపెనీలో జీతాల విభాగంలో పనిచేశాననీ, పాప బడిలో ఉండే వేళలో ఐదు గంటల పని కావాలనీ మాత్రం చివర్లో భయం భయంగా రాశాను.

మర్నాడు మేడ్చల్‌లో పాప బడి గేటు దగ్గర ఉండగా ఆమె ఫోన్ చేసింది.

"మేడం, కొంపల్లిల ఒక కంపెనీ ఉంది. పార్ట్‌టైమే. కానీ గ్యాప్ చూస్తే మీ ప్రొఫైల్ పక్కకు పెడ్తరు. గా నాలుగేండ్లకు ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేమిప్పిస్తం. మస్తు మంది పెట్టుకుంటున్నరు."

"పీఎఫ్ ఖాతా చూస్తే ఆ నాలుగేళ్లలో ఒక్క నెల జమ కూడా కనబడదు. దొరికిపోయేది నేను, మీరు కాదు."

"అంత లోపలికి ఎవరు చూస్తరు మేడం?"

"నేనే చూసేదాన్ని."

నిజమే. ఆ పాత కంపెనీలో, కొత్తగా చేరేవాళ్ల పాత పీఎఫ్ వివరాలు సరిచూడటం నా పనే. అలాంటి లెటర్లు పెట్టి, చేరిన వారంలోనే బ్యాగు సర్దుకున్నవాళ్లను చూశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఒక్క కాగితమే కదా, పెట్టెయ్యరాదూ" అన్నారు. ఇంకా మండింది. ఇది పోతే మిగిలిన ఉద్యోగాలన్నీ ఊరికి ఆ చివర. పొద్దున పోతే పాప పడుకున్నాకే రావడం. అది నాకూ తెలుసు.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తమ్మ తలెత్తింది. "నాలుగేండ్లు ఇంట్ల పండుకున్నవనుకుంటుందా గా పోరి? ఒక్క దినం నీ బిడ్డతోని ఉండమను. పొద్దుగూకెటాళ్లకు ఆమెనే లెటర్ రాసిస్తది."

నవ్వొచ్చింది. కోపం మాత్రం దిగలేదు. ఆ కోపంతోనే మళ్లీ రాశాను. 'నాలుగేళ్లు నా కూతుర్ని పెంచాను. అలాగే రాసి పంపండి. తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకా పనిచేస్తాను. లెటర్ వద్దు.' క్షమించమన్న మాట ఎక్కడా లేదు.

రెండు రోజులు జవాబు లేదు. పొగరుకు పోయి చేతికందింది పోగొట్టుకున్నానా అని గుబులు. మూడో రోజు ఫోన్.

"ఉన్నదున్నట్టే పంపిన మేడం. జీతాలు చేసే నెలాఖరు దినాలు మొత్తం రోజు రాగలరా అని అడుగుతున్నరు."

ఫోను చేత్తో మూసి అత్తమ్మకు ఆ మాట చెప్పాను. "పిల్లను నేను తోలుకొస్త తియ్యి" అంది.

"వస్తాను" అన్నాను.

"అయితే సోమవారం ఇంటర్వ్యూ. గ్యాప్ గురించి అడిగితే జర నవ్వుకుంట చెప్పుండ్రి మేడం. సీరియస్‌గ చెప్తే బాగుండదు."

అడగనీ. చెబుతాను. నవ్వను.