ఇద్దరికీ ఒకే నంబరు

చిన్నమ్మకు తొండియార్‌పేటలో లేసులు, జాకెట్ గుడ్డల కొట్టు ఉంది. సరుకు కోసం ఏటా అహ్మదాబాద్‌కు రైల్లో వెళ్ళేది. ఆ ఏడు నన్ను తోడు రమ్మని, ఈసారి విమానంలో పోదామంది. మా ఇద్దరికీ అదే మొదటిసారి. కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ ఆ సంగతి చెప్పింది.

మెట్రోలో ఎయిర్‌పోర్టుకు వెళ్తూ, ఏజెంటు ఇచ్చిన ఈ-టికెట్ రసీదును నాలుగుసార్లు విప్పింది.

"ఈడ చూడవే, ఇద్దరికీ ఒకే నంబరేసినాడు. ఒక సీట్లో ఇద్దర్నీ కూచోమంటారా ఏమి?"

"అది బుకింగ్ నంబరు చిన్నమ్మా. ఇద్దరికీ కలిపి బుక్ చేసినాడు గదా, అందుకే ఒకటే. కింద మన పేర్ల పక్కన పదమూడేసి అంకెలున్నాయి చూడు. అవి టికెట్ నంబర్లు. ఎవరిది వాళ్ళకే."

ఆమె వేలు పెట్టి అంకెలన్నీ పోల్చి చూసింది. ఆమెది ఏడుతో, నాది ఎనిమిదితో ముగిశాయి. అప్పటికి శాంతించింది.

ద్వారం దగ్గర జవాను రసీదులోని పేర్లు, మా ఆధార్ కార్డులు సరిచూసి లోపలికి పంపాడు. "అయిపోయింది, ఇంక ఎక్కడమే" అంటూ చిన్నమ్మ ముందుకు దూసుకుపోయింది. రసీదుతో విమానం ఎక్కనివ్వరని, బోర్డింగ్ పాస్ తీసుకోవాలని చెప్పి చెక్-ఇన్ యంత్రం దగ్గరికి లాక్కెళ్ళాను.

తెర మీద పీఎన్ఆర్, అంటే బుకింగ్ నంబరు, ఇంటిపేరు అడిగింది. రసీదు పైభాగంలో పెద్ద అక్షరాల్లో ఉన్న ఆ నంబరే కొట్టాను. బుకింగ్ దొరకలేదంది. మళ్ళీ కొట్టినా అదే మాట. టికెట్ నంబరు కొడదామంటే ఆ గడిలో ఆరు అక్షరాలకు మించి పట్టలేదు.

"ఆ ఏజెంటు మనల్ని ఏమార్చినాడేమే?" చిన్నమ్మ రసీదు తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

మా తెలుగు విని, అక్కడి ఉద్యోగిని ఒకమ్మాయి దగ్గరికొచ్చింది. "కంగారు పడకండి ఆంటీ. మీరు కొట్టింది ఏజెంటు వాళ్ళ సొంత నంబరండి. ఎయిర్‌లైన్ పీఎన్ఆర్ వేరే ఉంటుంది, ఇదిగో" అంటూ కాగితం మధ్యలో చిన్నగా అచ్చయిన ఆరక్షరాలు చూపించింది. మెట్రోలో అంత ధీమాగా వివరించినదాన్ని, సిగ్గుతో నవ్వుకున్నాను.

ఆ ఆరు అక్షరాలు, టికెట్‌లో ఉన్నట్టే ఇంటిపేరు కొట్టాను. తెర మీద మా ఇద్దరి పేర్లూ వచ్చాయి! చిన్నమ్మ నా వీపు మీద చరిచింది. యంత్రం రెండు బోర్డింగ్ పాసులు బయటికి తోసింది. పక్కపక్క సీట్లే, ఒకటి కిటికీ వైపు.

"అది నాది" అని లాక్కుంది.

విమానం లేచినప్పుడు నా చెయ్యి నలిగిపోయేట్టు పట్టుకుంది. కాసేపటికి అద్దానికి ముఖం ఆనించి, "అమ్మాయ్, సముద్రం! సముద్రమంతా కనపడతాంది!" అని కేకేసింది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. ఆమె వాళ్ళనూ చూడమంది.