సంచిలో పట్టిన హబ్బు

కర్నూలులో ఒక ఇరుకు గది అద్దెకు తీసుకుని ప్రసన్నకుమారి ఫిజియోథెరపీ చేసేది. సోమ, గురువారాల్లో మాత్రం గదికి తాళం వేసి, పక్షవాతం వచ్చి కదలలేనివాళ్ల కోసం పల్లెలకు పోయేది. వాళ్ల నాయన మంచంలో పడిన మూడేళ్లూ ఆయన కాలూ చేయీ వంచి సాచే మనిషి ఒక్కరూ వాళ్ల ఊరి గడప తొక్కలేదు. ఆమె ఈ చదువు పట్టింది అందుకే.

డోన్ దగ్గరి పల్లెలో సుబ్బయ్య నాపరాళ్లకు పాలిష్ పట్టే మనిషి. కుడిచేయి పడిపోయాక రబ్బరు బంతి పిసకమంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"ఇది పిసికితే రేపు బండ లేపుతానామ్మా?" అనేవాడు.

అప్పుడామెకు కర్నూలు గదిలో రోగులచేత ఆడించే గేమ్ కన్సోల్ గుర్తొచ్చింది. చేతిలో పట్టుకుని ఆడొచ్చు, స్టాండులో పెడితే టీవీలోనూ ఆడొచ్చు. దాని రిమోటు పట్టుకుని చేయి ఊపితే తెరమీద బంతి దొర్లుతుంది. కానీ ఆ స్టాండూ దాని లావు చార్జరూ గదిలో టీవీ వెనక వైర్లలో ఇరుక్కుని ఉండేవి. వారానికి రెండుసార్లు విప్పి, బస్సులో మోసి, మళ్లీ బిగించడం ఆమెకు విసుగనిపించింది. ఆ స్టాండుకు బదులు కన్సోల్‌నూ చార్జర్‌నూ టీవీకి కలిపే అరచేతంత హబ్బు ఒకటి బజారులో కొనుక్కుంది. దానికి ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే టీవీలో బొమ్మ రాలేదు. లాప్‌టాప్ చార్జర్ పెడితే వచ్చింది.

ఆ హబ్బును సెల్‌ఫోన్లు బాగుచేసే ఖాజాకు చూపించింది. అతను తిప్పి తిప్పి చూసి పెదవి విరిచాడు.

"వద్దక్కా. చార్జర్ మొదట అయిదు వోల్టులే ఇస్తాది. కన్సోల్ అడిగినాకనే పదిహేనుకు పెంచాల. ఆ మాటలు రెండిటి మధ్య మోసేది ఈ హబ్బే. ఇది తప్పు మోసిందనుకో, లోపలి చిప్పు కాలిపోతాది. దాని స్టాండు, దాని చార్జరే తీసుకపో."

"రెండు గంటల పనికి ఏమవుతాదిలే ఖాజా," అని ఆమె హబ్బును సంచిలో వేసుకుంది.

రెండు నెలలు ఏమీ కాలేదు. హబ్బు వేడెక్కేది, అంతే. సుబ్బయ్య ఇంటి టీవీకి కన్సోల్ తగిలించి, రిమోటును అతని వేళ్లకు పట్టీతో కట్టేది. మొదటివారం అతని చేయి ఒడిలోంచి లేవలేదు. రెండో నెలకు భుజందాకా లేచింది. గెలిచిన ఆటల లెక్క తెరమీద కనిపిస్తే, భార్య ఓబులమ్మను వంటింట్లోంచి పిలిచి చూపించేవాడు. ఒకరోజు అదే చేత్తో ముద్ద కలిపి నోటిదాకా తెచ్చుకున్నాడు. ఓబులమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ గురువారం ఆట మధ్యలో కరెంటు పోయింది. అయిదు నిమిషాలకు వచ్చింది. ప్రసన్నకుమారి దేన్నీ పీకకుండా అట్లే ఉంచి, "కానీ సుబ్బయ్యన్నా" అంది. అతను బలమంతా పెట్టి చేయి విసిరాడు. సరిగ్గా అప్పుడే టీవీ నల్లబడింది. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. కన్సోల్‌ను చేతిలోకి తీసుకుంటే దాని వెనకవైపు వేళ్లకు చురుక్కుమంది. ఏ బటన్ నొక్కినా తెర వెలగలేదు.

"నేను గట్టిగా ఇసిరినానా?" అన్నాడు సుబ్బయ్య.

అది నీవల్ల కాదు, నా హబ్బువల్ల అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆమె చెప్పలేదు. "చూపిచ్చుకోనొస్తా అన్నా" అని సంచి సర్దుకుంది.

ఖాజా కన్సోల్ విప్పి భూతద్దం కింద చూశాడు. కరెంటును అదుపుచేసే చిప్పు మాడిపోయింది. అది మార్చి చూశాడు. ప్రాణం రాలేదు. వోల్టేజీ దాన్ని దాటి పెద్ద ప్రాసెసర్‌దాకా పోయింది.

"కరెంటు వచ్చినప్పుడు హబ్బు ఏం తప్పు చేసిందో నేను కచ్చితంగా చెప్పలేనక్కా. కానీ ఇది దాని పనే."

"ఆయన ఆడిన లెక్కలు? మెమరీ కార్డు ఉండాది గదా."

"ఆ లెక్కలు కార్డులో ఉండవు. లోపలి మెమరీలో ఉంటాయి. దాన్ని పీకి ఇంకో దాంట్లో పెట్టినా చదవదు. పోయినట్టే."

ఇంకో కన్సోల్ కోసం నాలుగు వారాలు తిరిగింది. ఖాళీ చేతులతో పోవడానికి మనసొప్పక ఆ నాలుగు వారాలూ డోన్ బస్సెక్కలేదు. ఆమె డబ్బులకు అందే ధరలో కన్సోల్ దొరకలేదు. చివరికి అట్లే పోయింది.

సుబ్బయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు. వేళ్లు పిడికిట్లోకి ముడుచుకుపోయాయి. విప్పబోతే మూలిగాడు.

"నువ్వు పోయినప్పటినుంచి ఆ చేత్తో ఏమీ ముట్టడంలేదుమ్మా," ఓబులమ్మ మెల్లగా చెప్పింది. "నా చేయే దాన్ని పాడుచేసిందంటాడు."

ప్రసన్నకుమారి మంచం పక్కన కింద కూర్చుంది. హబ్బు సంగతి, ఖాజా వద్దన్న సంగతి, తాను విననిది, ఏదీ దాచకుండా చెప్పింది.



"నన్ను ఊరడిచ్చనీకి చెప్తాండావు," అన్నాడు సుబ్బయ్య. "ఆ పొద్దే చెప్పుంటే నమ్ముదును."

ఆమె ఇప్పటికీ సోమ, గురువారాల్లో పోతోంది. అతని వేళ్లు ఒక్కొక్కటీ విప్పి నూనె రాస్తుంది. అతను వద్దనడు. తనంతట తాను ఒక్క వేలూ కదిలించడు.