పెన్సిల్ బాబాయ్ అడిగిన ప్రశ్న

మా సబ్‌స్టేషన్‌లో లైన్లను కాపాడే రిలేలు పరీక్షించే పెద్దాయన్ని అందరూ పెన్సిల్ బాబాయ్ అనేవారు. చెవి మీద పొట్టి పెన్సిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు. సెట్టింగుల కాగితంలో అనుమానం వచ్చిన చోటల్లా అంచున చిన్న ప్రశ్న గుర్తు పెట్టేవాడు. ఆ కాగితాలు తయారు చేసే ఇంజినీరును నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, "అమ్మాయ్, లెక్క నీది, చేతులు నావి. ఇద్దరం కలిస్తేనే లైను బాగుంటుంది" అనేవాడు. ఆ ఏడాది నా తప్పులు ఎన్నో పట్టాడు. ఒక్కటీ పైవాళ్ల చెవిన వేయలేదు.

మా నుంచి అవతలి స్టేషన్‌కు యాభై కిలోమీటర్ల లైను ఉంది, కరెంటుకు అది పెట్టే అడ్డు మొత్తం ఇరవై ఓములు. తీగలు ఒకదానికొకటి తగిలి ఎక్కడైనా ఫాల్టు వస్తే మా రిలే వోల్టేజీని కరెంటుతో భాగించి, అది ఎన్ని ఓముల దూరంలో ఉందో చూసుకుంటుంది. పదహారు లోపయితే వెంటనే బ్రేకరు తెరిపించి కరెంటు ఆపుతుంది, అది మొదటి జోను. ఇరవై నాలుగు లోపయితే అర సెకను కూడా పట్టదు, అది రెండోది. అదీ దాటితే మూడో జోను, ఒక సెకను ఆగాల్సిందే.

నిరుడు ఆ లైను మధ్యలో, మాకు పన్నెండు ఓముల దూరంలో, కొత్త పవర్ ప్లాంటు నుంచి వచ్చే తీగను ఇంగ్లీషు టీ అక్షరంలా అతికి కలిపారు. నేనేం చేశాను? పాత కాగితం తీసి, తేదీ మార్చి పంపాను. అంతే! రెండో జోను పక్కన బాబాయ్ ప్రశ్న గుర్తు పెట్టాడు. కింద, "ప్లాంటు నడుస్తుంటే?" అని రాశాడు. ఫోన్ కూడా చేశాడు.

"లైను పొడవేం మారలేదుగా బాబాయ్. కాగితంలో ఉన్నట్టు చేసెయ్" అన్నాను, కాస్త విసుగ్గానే. ఫైలు శుభ్రంగా కనపడాలని ఆ గుర్తును రబ్బరుతో తుడిచేశాను కూడా.

రెండు నెలలకు, పెనుగాలికి అవతలి స్టేషన్ దగ్గర రెండు తీగలు రాసుకున్నాయి. అవతలివైపు బ్రేకరు వెంటనే తెరుచుకుంది. మా వైపుది మాత్రం సెకను పట్టింది. ఈలోగా తీగ కాలి తెగి వెల్డింగు షెడ్డు మీద పడింది. అక్కడి పనివాడి చెయ్యి కాలింది.

ఫాల్టు వివరాలు నమోదు చేసే రికార్డరు తెరిచి చూశాను. ఇరవై ఓముల దగ్గరున్న ఫాల్టు మా రిలేకు ఇరవై ఎనిమిది దగ్గర కనిపించింది. ప్లాంటు కలిసే ఆ టీ నుంచి ఫాల్టు దాకా ఎనిమిది ఓములు. ఆ ముక్కలో మా కరెంటుతో పాటు ప్లాంటు కరెంటు కూడా అంతే పారింది. దానితో మా దగ్గర వోల్టేజీ పెరిగింది, రిలే లెక్కలోకి మాత్రం మా కరెంటే వచ్చింది. పన్నెండు, ఎనిమిది, ఇంకో ఎనిమిది. ప్లాంటు వైపు కాగితమూ నాదే, అక్కడా ఇదే నిర్వాకం. అందుకే రెండు చోట్లా ఫాల్టు రెండో జోను చేతికి అందలేదు. బాబాయ్ అడిగిన రెండు మాటల్లో ఇదంతా ఉంది.

విచారణలో పెద్ద ఇంజినీరు కాగితం ఎత్తి చూపాడు. "రిలే ఆలస్యం చేసింది. పరీక్షించింది ఎవరు?"

బాబాయ్ లేచాడు. "నేనే సార్. కాగితంలో ఉన్నట్టే చేశాను."

ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. పెన్సిల్ గుర్తు సంగతి ఎత్తలేదు. నేను బల్ల మీది నీళ్ల సీసా వైపు చూస్తూ కూర్చున్నాను. నోరు పెగల్లేదు అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజానికి నేనే నోరు మూసుకున్నాను.

ఆయన్ని స్టోర్సులో పడేశారు. మూడు వారాల తర్వాత ఏదో సామాను కోసం అక్కడికి వెళితే, ఇన్సులేటర్ల పెట్టెలకు చీటీలు అంటిస్తున్నాడు. నన్ను చూసి స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల సర్వీసు మనిషి, నా ముందు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అడిగిన సామాను కూడా తీసుకోకుండా వచ్చేసి ఆ పూటే ఉత్తరం రాశాను. తప్పు కాగితానిది, కాగితం నాది, ప్రశ్నను తుడిచింది నేనే, అని.

నాకు మెమో ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. ఆయన్ని వెనక్కి పిలిచారు. మొదటి జోనును పదహారు దగ్గరే ఉంచాను. ప్లాంటు ఆగితే అదే నిజమైన దూరం మరి. రెండో జోనును ముప్పై నాలుగు చేశాను. ప్లాంటు ఆగినప్పుడు ఆ జోను మా లైను దాటి పక్క లైన్ల మీదికి పోతుందేమోనని నాలుగుసార్లు సరిచూసి, కాగితం నేనే పట్టుకెళ్లాను.

"బాబాయ్, ఎక్కడైనా అనుమానం ఉంటే గుర్తు పెట్టు."

ఆయన మొదటి గడి నుంచి చివరి గడి దాకా నిదానంగా చదివాడు. పరీక్ష చేశాడు. సంతకం పెట్టి రెండు చేతులతో అందించాడు. అంచు తెల్లగా ఉంది. చెవి మీద పెన్సిల్ లేదు.

"మీరు రాసినట్టే చేశాను మేడమ్" అన్నాడు.