వేరే కుండ

ఎత్తిపొడుపు మాట రాయడంలో నన్ను మించినవాళ్లు మార్కాపురంలో లేరని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నన్ను వదిలిన వారం గురించే ఇక్కడ చెబుతున్నాను.

అప్పటికి మాది కర్నూలు జిల్లా, పాలన మద్రాసు నుంచి. ఆడవాళ్లు ఉద్యోగం చేయడమే వింత, అందులోనూ ముగ్గురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని ఉండడం ఇంకా వింత. నేను, పెద్దక్క బడిలో టీచర్లం. పెద్దక్క అంటే తోడబుట్టినది కాదు, వయసులో పెద్దది కాబట్టి అట్లా పిలిచేవాళ్లం. మూడో ఆమె ఆసుపత్రిలో నర్సు. బేస్తవారిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన కూలివాళ్ల పిల్ల. మా ముగ్గురిలో చిన్నది కాబట్టి చెల్లి అయింది. ముగ్గురమూ ఒకే చర్చికి పోయేవాళ్లం. అయితే మా తాత రెడ్లలోంచి మతంలోకి వచ్చినవాడు, చెల్లి వాళ్లు ఊరి బయటి పేట నుంచి వచ్చినవాళ్లు. ఆ తేడా మా ఇంట్లో లేదని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని.

చెల్లిది రాత్రి డ్యూటీ. ఆమె ఇంటికి వచ్చే వేళకు మేము బడికి పోతాం, మేము వచ్చే వేళకు ఆమె ఆసుపత్రికి బయలుదేరుతుంది. ఎదురుపడి మాట్లాడుకునే తీరిక ఆదివారం తప్ప లేదు. అందుకని వంటింటి గోడకు పెద్ద పలక ఒకటి తగిలించి, పక్కనే దారంతో బలపం కట్టాం. పలకల గనులున్న మా ఊళ్లో పలకలకు కొదవా? ఊడ్చేది ఎవరు, గిన్నెలు తోమేది ఎవరు, మంచినీళ్లు తెచ్చేది ఎవరు, అన్నీ దాని మీదే రాసుకునేవాళ్లం.

రాయడం అంటే నాకు సరదా. సూటిగా రాస్తే చప్పగా ఉంటుందని నా అభిప్రాయం. గిన్నెలు మిగిలితే, "తమరు మహారాణులు, తోమడానికి దాసిని నేనున్నానుగా, పడుకోండి" అని రాసేదాన్ని. వాకిలి ఊడవకపోతే, "ఈ ఇంట్లో కొందరి కళ్లకు చెత్త కనబడదు, పాపం" అని. ఎవరి పేరూ పెట్టేదాన్ని కాదు. పేరు పెట్టకపోవడమే అందులోని పనితనం. ఎవరైనా అడిగితే "నిన్నని నేనన్నానా?" అని తప్పుకోవచ్చు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లే తడుముకుంటారు గదా అని నవ్వుకునేదాన్ని.

పెద్దక్క చదివి "నీ నోట్లో ముల్లుంది" అని ఊరుకునేది. చెల్లి మాత్రం ప్రతిసారీ కింద చిన్న అక్షరాలతో "క్షమించండి" అని రాసి, తనది కాని పని కూడా చేసి పోయేది. నా రాత పనిచేస్తున్నదని అనుకున్నాను నేను.

ఆ వారం నీళ్ల వంతు చెల్లిది. మంచినీళ్ల బావి రెండు వీధుల అవతల. శుక్రవారం సాయంత్రం కుండ అడుగంటింది. శనివారం కూడా అంతే. ఆదివారం ఎదురుపడినా నోరు తెరిచి అడగలేదు నేను. సోమవారం నేను బడి నుంచి గొంతు ఆరిపోయి వచ్చి చూస్తే చుక్క లేదు. మూడు రోజుల కోపం ఒక్కసారి వచ్చింది. బలపం తీసుకుని, "నీళ్లు తెచ్చే ఓపిక లేనివాళ్లు వేరే కుండ పెట్టుకుంటే అందరికీ హాయి" అని రాశాను. రాసి, కాస్త దూరం జరిగి చదువుకుని, బాగుంది అనుకున్నాను కూడా.

మర్నాడు సాయంత్రం వచ్చేసరికి పెద్ద కుండ నిండుగా ఉంది. వసారాలో ఒక మూల, కొత్తగా కొన్న చిన్న కుండ, మీద మూతగా సత్తు గ్లాసు. పలక మీద "క్షమించండి" కూడా లేదు.

"చూసినావా అక్కా, ఒక్క ముక్క రాస్తే కుండ నిండింది" అన్నాను.

పెద్దక్క నన్ను చేయి పట్టుకుని వసారాలోకి తీసుకుపోయింది. ఆ చిన్న కుండను చూపించింది.

"ఇది ఎవరిది?"

చెల్లిదే అన్నాను.

"పేట పిల్లను వేరే కుండలో తాగమన్నావు. వాళ్ల అమ్మ, వాళ్ల అవ్వ పుట్టినప్పటి నుంచి విన్న మాట అది. ఇప్పుడు నీ చేతిరాతలో చదువుకునింది."

నేను బద్ధకాన్ని అన్నాను, కులాన్ని కాదు. ఆ మాటే అన్నాను. పెద్దక్క, "పలక మీద అది రాసి ఉందా? ఎవరిని, దేన్ని అన్నావో నీవు రాయలేదు. రాయనిది ఆమె పూరించుకునింది" అంది. తరవాత అసలు సంగతి చెప్పింది. చెల్లి ఆ పొద్దున డ్యూటీ నుంచి కాస్త ముందే వచ్చి, మేము బడికి బయలుదేరే ముందు, తనకు మాత్రమే చెప్పిందట. ముందురోజు డ్యూటీకి పోతూ నా రాత చూసి, వాళ్ల నాయనను శనివారానికి బండి తెమ్మని రాత్రే ఉత్తరం రాసిందట, పెట్టె సర్దుకుని పోతుందట. మా ఊళ్లో ఆమెకు ఇంకొక ఇల్లు ఎవరిస్తారు? ఇల్లు లేకపోతే ఉద్యోగం లేదు. వాళ్ల ఊళ్లో మొదటిసారి చదువుకున్న ఆడపిల్ల మళ్లీ జొన్న కోతలకు పోవాల్సిందే, అదీ నా వాక్యం ధర్మమా అని.

నేను ఏడ్చాను. దాచుకోను, బాగా ఏడ్చాను. తరవాత లేచి పలక తుడిచి క్షమాపణ రాయబోయాను. "నా రాత వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మన్నించాలి" అని రాశాను.

పెద్దక్క లాంతరు దగ్గరికి జరిపి, పిల్లల పలకలు దిద్దినట్లే బలపంతో రెండు చోట్ల సున్నాలు చుట్టింది. "ఎవరి మనసైనా ఏంది? ఇంట్లో ఉండేది ముగ్గురం. నొచ్చుకుని ఉంటే ఏంది? నొప్పించినావు, నీకు తెలుసు. తుడువు."

తుడిచాను. "సరదాకి రాస్తే నీవు వేరేగా అనుకున్నావు" అని రాశాను. పెద్దక్క "నీవు అనుకున్నావు" చుట్టూ సున్నా చుట్టింది. తప్పు తిరిగి ఆమె నెత్తిన పెట్టానని చెప్పింది. మూడోసారి "నాబోటి దానికి బుద్ధి తక్కువలే" అని రాస్తే, అది కూడా ఎత్తిపొడుపేనట, అవతలివాళ్లు కాదు కాదు అని బతిమాలాలని రాసేదట. అప్పటికి నాకు చచ్చే కోపం వచ్చింది, బలపం విసిరేశాను. ఆమె తెచ్చి మళ్లీ చేతిలో పెట్టింది. "ఎవరికి రాస్తున్నావో రాయి. నీవు చేసింది ఏందో రాయి. నీకేం కావాలో రాయి. అంతే."

అంతే అంటే ఎంత కష్టమో! పేరు దాచకుండా, నవ్వు చాటున దాక్కోకుండా రాయడం నాకు అలవాటు లేదు. చివరికి రాశాను.

"చెల్లీ, వేరే కుండ అని రాసింది నేను, నీకే రాసినాను. అది తప్పు. మూడు రోజులు నీళ్లు లేవని నాకు కోపం వచ్చింది, ఆ మాట రాయకుండా నిన్ను పొడిచినాను. పెద్ద కుండ ముగ్గురిదీ, అందులోనే తాగు. శనివారం పోవద్దు. నీళ్లు ఎందుకు తేలేకపోయినావో చెప్పు."

బుధవారం సాయంత్రానికి జవాబు ఉంది. మునుపు తన వంతు వచ్చినప్పుడు డబ్బులిచ్చి ఒక పనిపిల్లతో నీళ్లు తెప్పించేదట, ఆ పిల్ల మానేసి ఆరు రోజులైందట. చెల్లి బావి దగ్గరికి పోతే, ఆసుపత్రి పిల్ల పేట పిల్లే అని ఎవరో కనిపెట్టారు. అప్పటి నుంచి చేద ఇవ్వరు, పక్కన నిలబెడతారు. ఎవరికైనా దయ పుడితే పోస్తారు. రెండు గంటలు నిలబడ్డా కొన్ని రోజులు సగం కుండే. చివర, "మీకెందుకు శ్రమ, నేను పోతే సరిపోతుంది, పరవాలేదు" అని.

ఆ "పరవాలేదు" చూసి నాకు నా రాతలే గుర్తొచ్చాయి. ఆమెకు పరవా ఉంది, చాలా ఉంది. ఈసారి సున్నా చుట్టింది నేను. కింద రాశాను: "ఈ మాట తుడిచి, నీకేం కావాలో రాయి."

గురువారం పలక ఖాళీ. నేను అన్నం సరిగా తినలేదు. శుక్రవారం సాయంత్రం వచ్చి చూస్తే పలక నిండా పెద్ద పెద్ద అక్షరాలు.

"అక్కలకు, రేపు పొద్దున నాతో బావికి ఇద్దరూ రావాల. నా వంతు వచ్చేదాకా నా పక్కనే నిలబడాల."

శనివారం మేమిద్దరం బడికి సెలవు పెట్టి, పొద్దున చెల్లి డ్యూటీ నుంచి రాగానే ముగ్గురం పోయాం. బావి దగ్గర ఆరేడుగురు ఆడవాళ్లున్నారు. మా వంతు రాగానే చేద పట్టుకున్నామె, "టీచరమ్మా, మీకు పోస్తాను, ఆ పిల్ల పక్కకు జరగాల" అంది. నా నాలుక మీదికి నాలుగు వాడి మాటలు వచ్చాయి, మింగాను. ఎందుకంటే చెల్లి అప్పటికే చేయి చాచింది.

"ఇది నా వంతు. చేద ఇయ్యి, నేనే చేదుకుంటాను" అంది.

పెద్దక్క ఆమె కుడి పక్క నిలబడింది, నేను ఎడమ పక్క. అక్కడున్న వాళ్ల పిల్లలు సగం మంది పెద్దక్క దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. ఎవరూ కదలలేదు, మేమూ కదలలేదు. కాసేపటికి ఆమె గొణుక్కుంటూ చేదతాడు వదిలింది. ఇద్దరు కుండలు ఎత్తుకుని వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు ఉన్నారు. చెల్లి తాడు అందుకుని చేదింది. కుండ నిండి పొర్లి మా కాళ్లు తడిసినా చేదుతూనే ఉంది, మేము ఆపలేదు. ఆ వీధుల్లో మేము తిరిగి నడిచిన నడక, జిల్లా గెలిచి వచ్చినవాళ్ల నడక.

మధ్యాహ్నానికి వాళ్ల నాయన బండి తోలుకుని వచ్చినాడు. చెల్లి పెద్ద కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చి, "నాయనా, నిన్ను ఊరికే తిప్పినాను. నేను రాను, ఈడనే ఉంటాను" అంది. ఆయన మా ముగ్గురినీ చూసి, తాగి, ఇంకొక గ్లాసు అడిగినాడు.

ఆ తరవాత పదిహేను రోజులకు బడి నుంచి వచ్చి చూస్తే పలక మీద ఇట్లా ఉంది. "అక్కా, నీవు రెండు దినాలుగా లాంతరు గ్లాసు తుడవలేదు. ఈ పొద్దు తుడువు." క్షమించండి లేదు, పరవాలేదు లేదు. మునుపు నన్ను ఎవరైనా అట్లా అంటే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఆ రోజు మాత్రం పెద్దక్కను కేకవేసి పిలిచి, రెండుసార్లు పైకి చదివి వినిపించి, గ్లాసు తుడవడానికి కూర్చున్నాను.