మామ వీడియోలకు పెట్టిన పేర్లు

అమ్మ పోయిన మూడో నెలలో మామ టైలరింగ్ దుకాణం మూసేస్తానన్నాడు. మామ అంటే అమ్మకు తమ్ముడు. గోదావరిఖని మార్కెట్ సందులో అద్దెకు తీసుకున్న షెటర్‌లో ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాడు. హుక్కులు, కాజాలు, చేతిపని అత్త చూసుకుంటుంది. రెడీమేడ్ వచ్చాక గిరాకీ తగ్గుతూ వచ్చింది. మంచిర్యాలలో ఒక బట్టల షాపు వాళ్లు ఆల్టరేషన్ పనికి రమ్మన్నారు. ఉంటాడో ఖాళీ చేస్తాడో దసరాలోపు చెప్పమని షెటర్ యజమాని అడిగాడు.

మంచిర్యాలది చెడ్డ పనేం కాదు. కానీ అక్కడ మామ కొత్త బట్ట కోయడు. ఎవరో కుట్టినదాన్ని పొట్టి చేస్తాడు, లేదా వదులు చేస్తాడు. ఆ సంగతి అతను మాకు రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ ఒకే మాటల్లో.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఇంటికి వెళ్లబుద్ధి కాక, కాలేజీ అయ్యాక దుకాణంలో కూర్చునేదాన్ని. మామ యూట్యూబ్‌లో వీడియోలు పెడతాడని తెలుసు కానీ ఒక్కటీ పూర్తిగా చూడలేదు. ఆ సాయంత్రాల్లో చూశాను. బాగున్నాయి. బట్ట మీద ఒక్కో గీత ఎందుకు గీస్తున్నాడో తొందర లేకుండా చెబుతాడు. పేర్లు మాత్రం, ఒక్కదానికి తప్ప, అన్నిటికీ ఒకటే: ‘గోదావరిఖని మిత్రులందరికీ నమస్కారం, ఈరోజు మన దుకాణంలో’. ఫోనులో చూస్తే పేరు అక్కడికే తెగిపోతుంది. లోపల ఏముందో తెలియదు.

“మామా, పేరు గిట్ల పెడితే ఎవరు చూస్తరు?” అని అడిగాను.

“నమస్కారం పెట్టకుంట ముచ్చట ఎట్ల మొదలుపెడ్తం కోడలా?”

“నమస్కారం వీడియోల చెప్పు. పేర్ల వద్దు.”

అత్త సూది ఆపకుండానే అంది: “నన్ను చూడ వచ్చిన నాడు సుత గిదే కథ. వచ్చినోళ్లందరికీ నమస్కారం పెట్టుడే అయింది. పిల్ల నచ్చిందా అంటే జవాబు లేదు.”

“నచ్చకుంటే గన్ని నమస్కారాలు పెడ్తనా,” అన్నాడు మామ.

పేర్లు మార్చమని ఫోను నాకిచ్చాడు. మొదటి తప్పు నాదే. అందరూ పెట్టినట్టే ఒకదానికి ‘ఐదు నిమిషాల్లో జాకెట్ కటింగ్’ అని పెట్టాను. ఆ వీడియో ఇరవై నిమిషాలు. నాలుగు రోజుల్లో చూసినవాళ్లు పెరిగారు. కానీ ఎక్కువమంది మొదటి నిమిషంలోనే వెళ్లిపోయినట్టు ఛానల్ లెక్కల్లో కనిపించింది. వచ్చింది ఒకే ఒక్క కాల్. ఫోను పెట్టేశాక మామ నా వైపు చూశాడు.

“ఎవరో అన్న. ఐదు నిమిషాలని చెప్పి ఇంకా భుజం కాడనే ఉన్నవేందని అడుగుతుండు.”

“ఏమన్నవ్?”

“ఐదు నిమిషాల్ల నాకు టేపే దొరకదని చెప్పిన.”

ఆ పేరు తీసేశాను. తర్వాత కొన్నాళ్లు ఊరికే కూర్చుని విన్నాను. కుట్టిన జాకెట్ వెనక్కి తెచ్చేవాళ్లు ఏం చెబుతారో అదే రాసుకున్నాను. భుజం జారుతోంది. చంక దగ్గర ముడత పడుతోంది. వెనక మెడ పైకి లేస్తోంది. ఫోనులో వెతికేటప్పుడు కూడా మనిషి అవే మాటలు కదా రాసేది.

ముందు అన్ని వీడియోల కిందా దుకాణం నంబరును మొదటి వరుసలోకి తెచ్చాను. అంతకుముందు అది అడుగున ఎక్కడో ఉండేది. తర్వాత ఆరు వీడియోలకే పేర్లు మార్చాను. ‘జాకెట్ భుజం జారకుండా మెడ కొలత ఎలా తీయాలి – గోదావరిఖని టైలర్’ ఇలా. అసలు విషయం ముందు, ఊరు చివర. మిగతావాటిని అలాగే వదిలేశాను, తేడా తెలియాలని. ఫోను చేసినవాళ్లను ఏ వీడియో చూశారని అడగమన్నాను. మామ అడిగి, కటింగ్ బల్ల అంచున సుద్దతో గీత పెట్టేవాడు.

రెండు వారాల్లో ఆ ఆరింటికి పదకొండు గీతలు. మిగతావాటన్నిటికీ కలిపి ఒకటి. సెంటినరీ కాలనీ నుంచి ఇద్దరు బట్ట తెచ్చి ఇచ్చారు. మిగతావాళ్లకు సందేహాలే. మామ వాటికీ ఓపికగా జవాబు చెప్పేవాడు. సంతోషించాం కానీ, అవి దుకాణాన్ని నిలబెట్టవని ముగ్గురికీ తెలుసు. భుజం సరిచేసే టైలరు ప్రతి వీధిలో ఉంటాడు.

దసరాకు మూడు వారాలుందనగా ‘అక్క కోసం’ అన్న వీడియో దగ్గరికి వచ్చాను. దాన్ని అప్పటిదాకా దాటేస్తూ వచ్చాను.

పక్షవాతం వచ్చాక అమ్మ ఎడమ చెయ్యి కదల్లేదు. మామూలు జాకెట్ తొడగాలంటే ఆ చేతిని వంచాలి. వంచితే నొప్పి. మామ రెండుసార్లు కుట్టి విప్పి, మూడోసారి సరిచేశాడు. ఎడమ భుజం మీద మెడ నుంచి చేతి చివరిదాకా తెరిచి టిచ్ బటన్లు పెట్టాడు. చెయ్యి కదిలించకుండా దాని చుట్టూ బట్ట చుట్టి నొక్కితే చాలు. మొదట వెల్‌క్రో పెట్టాడు కానీ అది చీర దారాలు లాగింది. అదంతా వీడియోలో ఉంది. దాన్ని చూసినవాళ్లు పద్నాలుగు మంది.

“దీనికి పేరు మారుద్దాం మామా,” అన్నాను.

“అది వద్దు.”

“ఎందుకు?”

“అది అక్కది. దుకాణానిది కాదు. అక్క చెయ్యి పడిపోయిందని బోర్డు కట్టుకుంటమా?”

అత్త నా వైపు చూసి ఊరుకోమన్నట్టు తల ఊపింది. ఊరుకునేదాన్నే. నాకూ ఆ పేరు తీయాలని లేదు. కానీ ఒక సంగతి వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు.

“అమ్మను దవాఖాన నుంచి తెచ్చిన తెల్లారి, నాన్న ఫస్ట్ షిఫ్టుకు పోయిండు. జాకిట్ తొడుగుదామంటే నాతోని కాలే. అమ్మ ఏడ్సింది. నేను బయటికొచ్చి ఫోన్‌ల వెతికిన.”

మామ కత్తెర బల్ల మీద పెట్టాడు. “ఏమని వెతికినవ్?”

“చెయ్యి లేవనోళ్లకు జాకిట్ ఎట్ల తొడగాలె అని.”

“దొరికిందా?”

“ఏం దొరకలే. నువ్వు కుట్టేదాక బెడ్‌షీట్ కప్పిన.”

మామ ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

“గదే పెట్టు,” అన్నాడు. “నువ్వు వెతికినవే ఆ మాటలే పెట్టు.”

పెట్టాను. మొదటి మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు నస్పూర్ నుంచి ఒకామె ఫోను చేసింది. వాళ్ల అత్తకు చెయ్యి పడిపోయి ఏడాది అయిందట.

“మనిషిని తీస్కరాకున్రి అక్కా,” అన్నాడు మామ. “పాత జాకిట్ ఒకటి తెండ్రి. చెయ్యి వాచిందా? టేపు వద్దు, దారం చుట్టి ముడేసి పంపున్రి, నేను కొలుసుకుంట.”

ఆమె రెండు కుట్టించుకుని, మరో నాలుగు చెప్పింది. తర్వాత రామగిరి నుంచి, పెద్దపల్లి నుంచి ఫోన్లు. భుజం ఆపరేషన్ అయినవాళ్లు, చెయ్యి విరిగినవాళ్లు, మంచం దిగలేనివాళ్ల కూతుళ్లు, కోడళ్లు. ఒక కొడుకు కూడా చేశాడు, సిగ్గుపడుతూ. రోజుకు రెండు మూడు కాల్స్. వీటిలో సందేహాలు తక్కువ, పని ఎక్కువ. ఈ పని చేసేవాళ్లు దగ్గర్లో వాళ్లకు దొరకలేదు.

దసరా ముందు షెటర్ యజమాని వచ్చేసరికి మామ ఫోనులో ఉన్నాడు. చేత్తో స్టూలు చూపించాడు. ఆయన కూర్చుని, అత్త ఇచ్చిన చాయ్ తాగి, చివరకు అడిగాడు: “ఏమాయె మరి? మంచిర్యాల షోరూముకు పోతున్నవంట గద.”

“పోతలేను కాకా. ఇంకో ఏడాదికి కిరాయి కాయితం రాయి.”

“గట్లనే. మరి గా బోర్డు రంగు పోయింది, ఏపియ్యరాదు?”

“ఎవరూ బోర్డు చూసి వస్తలేరు,” అని అత్త అంది. కాసేపటికి ముగ్గురూ వేయబోయే రంగు గురించే వాదించుకుంటున్నారు.

నేను ఫోను తీసుకుని మిగిలిన వీడియోలకు పేర్లు మార్చడం మొదలుపెట్టాను. అమ్మకు చేయాల్సిన పనుల్లో నా చేతనైంది సగమే. మిగతా సగం మామ చేశాడు, అడగకుండానే. ఆ సంగతి అతనికి చెప్పాలనుకున్నాను. అంతలో నా చేతిలోనే ఫోను మోగింది, అతను టేపు మెడలో వేసుకుని అందుకున్నాడు.